ముప్పై డెస్కులు పెరిగితే: ఫర్నిచర్ ఆర్డరులో మార్పును ఖాయం చేసుకోవడం

ఫర్నిచర్ తయారీదారుకు ఒకసారి ఇచ్చిన ఆర్డరులో తర్వాత సరుకు పెంచినా, కొలత మార్చినా, తేదీ జరిపినా ఆ సంగతిని ఇరుపక్షాలూ ఒప్పుకున్నట్టు రాసుకునే కాగితం మార్పు ఆర్డర్. దుకాణంలో సిద్ధంగా ఉన్న కుర్చీలు కొని తెచ్చుకునేవారికి దీనితో పని పడదు. ఆర్డరు వచ్చాకే ఇనుప పైపు కోసి, వెల్డింగ్ చేసి, పౌడర్ కోటింగ్ వేసి, చెక్క పలకలు బిగించి పంపే సరుకుకే ఇది కావాలి. బడులు, హాస్టళ్లు, ఆఫీసులు, కోచింగ్ సెంటర్లు కొనే ఫర్నిచర్ చాలావరకు ఈ రకమే. ఆర్డరుకూ డెలివరీకీ మధ్య ఆరేడు వారాలు గడుస్తాయి కాబట్టి ఆలోగా కొనేవారి అవసరం మారిపోవడం మామూలే.

మార్పు ఎక్కడ తేలిగ్గా జరుగుతుంది, ఎక్కడ చిక్కుముడి పడుతుంది అన్నది ఒక ఉదాహరణతో చూస్తే తెలుస్తుంది. నల్లగొండలో ఒక ప్రైవేటు పాఠశాల హైదరాబాద్ శివార్లలోని ఒక తయారీ షెడ్డుకు ఏప్రిల్ మొదటి వారంలో ఆర్డరు ఇచ్చిందనుకుందాం. ఇద్దరు పిల్లలు కూర్చునే డ్యూయల్ డెస్కులు 120, ఒక్కోటి 5,200 రూపాయలు. టీచర్ల టేబుళ్లు 6, ఒక్కోటి 7,500. రవాణాకూ ఫిట్టింగ్‌కూ కలిపి 15,000. మొత్తం 6,84,000 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ 1,23,120 కలిపితే 8,07,120 అవుతుంది. అడ్వాన్సుగా 3,20,000 చెల్లించారు. మే 25 లోగా సరుకు దించి బిగించాలి. ఆలస్యమైతే వారానికి ఒక శాతం చొప్పున బిల్లులో కోత, విరిగినా వెల్డింగ్ ఊడినా మూడేళ్ల గ్యారంటీ అని ఆర్డరులో రాసుకున్నారు. వేసవి సెలవుల తర్వాత జూన్ 12న బడి తెరుస్తారు.

ఏప్రిల్ చివర్లో ఎనిమిదో తరగతికి ఇంకో సెక్షన్ పెట్టాలని యాజమాన్యం నిర్ణయించింది. దాంతో మరో 30 డెస్కులు, లైబ్రరీకి 4 పుస్తకాల ర్యాకులు కావాల్సి వచ్చాయి. టీచర్ల టేబుళ్లకు తాళం పడే సొరుగు ఉంటే బాగుంటుందని కూడా అనుకున్నారు. ప్రిన్సిపల్ ఫోన్ చేస్తే షెడ్డులో ఆర్డర్లు చూసే కుర్రాడు “అయిపోతుంది సార్, రాసుకున్నాం” అన్నాడు. చాలాచోట్ల మార్పు ఇక్కడితో ఖాయమైపోయిందని అనుకుంటారు. నిజానికి ఇక్కడ ఏ ధరా తేలలేదు, ఏ తేదీ తేలలేదు. ఆ కుర్రాడికి ధర ఒప్పుకునే అధికారం ఉందో లేదో కూడా తెలియదు.

కాగితం రాసే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న షెడ్డులో పని ఎంతవరకు వచ్చిందన్నది. పైపు కోయకముందు కొలత మార్చడానికి పెద్దగా ఖర్చు కాదు. ఫ్రేములు వెల్డింగ్ అయ్యాక మారిస్తే పాత ఫ్రేములు తుక్కు కింద పోతాయి. పౌడర్ కోటింగ్ అయిపోయాక కొత్తగా వెల్డింగ్ పెడితే అక్కడ పూత మాడిపోతుంది, మళ్లీ పూత వేయించాలి. టీచర్ల టేబుళ్లకు సొరుగు అడగడం చిన్న మాటలా కనిపిస్తుంది కానీ, సొరుగు పట్టాలు బిగించే పట్టీని ఫ్రేముకు ముందే వెల్డింగ్ చేయాలి. పూత పడకముందు అడిగితే టేబుల్‌కు 900 రూపాయలతో పోయే పని, పూత పడ్డాక రెట్టింపైనా అడగడంలో తప్పు లేదు. అందుకే మార్పు రాసేటప్పుడు ‘ఏప్రిల్ 28 నాటికి టేబుళ్ల ఫ్రేములు పూతకు వెళ్లలేదని తయారీదారు చెప్పిన మీదట’ అన్న ఒక్క ముక్క చేర్చుకుంటే, తర్వాత ‘అప్పటికే పూత అయిపోయిందండీ’ అనే మాటకు తావుండదు.

కలిపే సరుకు గురించి రాసేటప్పుడు చాలామంది ‘అవే డెస్కులు మరో 30’ అని సరిపెడతారు. ఆ ‘అవే’ అన్న మాట దగ్గరే తేడాలు వస్తాయి. పెరిగిన సెక్షన్ ఎనిమిదో తరగతిది కాబట్టి ఎత్తు మారదు. అదే మూడో తరగతికైతే డెస్కు ఎత్తు తగ్గాలి, కూర్చునే బల్ల ఎత్తు తగ్గాలి, రెండింటి మధ్య ఎడమూ మారాలి. అప్పుడది పాత ఆర్డరులోని వస్తువు కానే కాదు. దానికి వేరే వరుస, వేరే డ్రాయింగ్, వేరే ధర ఉండాలి. రంగు సంగతీ అంతే. పైన అతికే లామినేట్‌కు కంపెనీ కేటలాగులో ఒక నంబరు ఉంటుంది. ‘లేత చెక్క రంగు’ అని రాస్తే షెడ్డులో ఆ రోజు ఏ షీటు ఉంటే అది పడుతుంది, ఒకే గదిలో రెండు రకాల డెస్కులు పక్కపక్కన కనిపిస్తాయి. లామినేట్ నంబరు, పైపు కొలత, పైపు మందం, పలక మందం అనే నాలుగూ పాత ఆర్డరులో ఉన్నట్టే ఉండాలని, ఆ ఆర్డరులోని వరుస నంబరు చూపించి రాయాలి. పాత ఆర్డరులో ఆ వివరాలు లేకపోతే, ఇప్పుడు రాసుకోవడానికి ఇదే అదను.

ర్యాకులు పూర్తిగా కొత్త వస్తువు. వాటికి పొడవు, వెడల్పు, ఎత్తు, అరల సంఖ్యతో పాటు ఒక్కో అర ఎంత బరువు మోయాలో కూడా రాయాలి. పుస్తకాలు బట్టల్లా తేలికైనవి కావు. మూడడుగుల అర నిండా పుస్తకాలు పేరిస్తే పాతిక ముప్పై కిలోల బరువు అవలీలగా పడుతుంది. పలుచని రేకు అర ఏడాది తిరిగేసరికి నడుమ దిగిపోతుంది. రేకు మందం, అర అడుగున ఆసరా పట్టీ ఉందా లేదా అన్నవి ధరను నిర్ణయించే విషయాలు. అవి రాయకుండా 9,000 రూపాయలకు ర్యాకు అంటే, ఆ సొమ్ముకు ఏం వస్తుందో దించేదాకా తెలియదు.

ఇక ధర. ఫోన్ తర్వాత మూడు రోజులకు షెడ్డు నుంచి సవరించిన కొటేషన్ వచ్చింది. అందులో డెస్కుల వరుస ఒక్కటే ఉంది: 150 డెస్కులు, ఒక్కోటి 5,450 రూపాయలు. ఇనుము ధర పెరిగిందని కింద చిన్న గమనిక. కొత్త 30 డెస్కులకు కొత్త ధర అడగడం సమంజసమే, ఎందుకంటే పాత కొటేషన్ ఆ 120కి మాత్రమే ఇచ్చింది. కానీ పాత 120 డెస్కుల ధర ఏప్రిల్ మొదటి వారంలోనే ఖాయమైంది, వాటికి అడ్వాన్సు కూడా ముట్టింది. ఒకే వరుసలో కలిపేయడంతో ఆ 120 డెస్కుల మీద ఒక్కోదానికి 250 రూపాయల చొప్పున 30,000 పెరిగిపోయాయి. జీఎస్టీతో కలిపి 35,400. ఇదంతా మోసమని అనుకోనక్కర్లేదు. కంప్యూటర్లో పాత కొటేషన్ తెరిచి సంఖ్య మార్చి, ఆ రోజు ధర వేసి పంపేవారే ఎక్కువ. ఉద్దేశం ఏదైనా, దాని కింద ‘ఓకే’ అని సంతకం పెడితే పాత ధర పోయినట్టే.

బడులకు ఇందులో ఇంకో దెబ్బ ఉంది. వ్యాపార సంస్థ ఫర్నిచర్ కొంటే కట్టిన జీఎస్టీని తన అమ్మకాలపై కట్టాల్సిన పన్నులో సర్దుబాటు చేసుకోగలదు. పాఠశాల విద్యకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి బడికి ఆ సర్దుబాటు దొరకదు. కట్టిన 18 శాతమూ ఖర్చు కిందే పోతుంది. అందుకని ధర మాట్లాడుకునేటప్పుడు పన్ను లేని అంకె ఒకటి, పన్నుతో అంకె ఒకటి పక్కపక్కన రాసుకోవడం మంచిది. పన్ను లేని అంకె ఫోన్లో వినడానికి చిన్నగా ఉంటుంది, చెక్కు రాసేటప్పుడు పన్నుతో సహా రాయాలి.

అందుకే సవరించిన కొటేషన్‌ను ఉన్నదున్నట్టు ఒప్పుకోకుండా, పాత ఆర్డరును అలాగే ఉంచి దాని మీద తేడా మాత్రమే రాయడం మేలు. ఈ ఉదాహరణలో తేడా ఇలా తేలుతుంది. కొత్త డెస్కులు 30, ఒక్కోటి 5,450 చొప్పున 1,63,500. ర్యాకులు 4, ఒక్కోటి 9,000 చొప్పున 36,000. సొరుగులు 6, ఒక్కోటి 900 చొప్పున 5,400. రెండో లోడు రవాణా, ఫిట్టింగ్ 7,000. మొత్తం 2,11,900, జీఎస్టీ 38,142, కలిపి 2,50,042 రూపాయలు. దీన్ని పాత 8,07,120కి కలిపితే కొత్త మొత్తం 10,57,162. ఇలా పాత మొత్తం, తేడా, కొత్త మొత్తం మూడూ ఒకచోట కనిపిస్తే లెక్క ఎక్కడ తప్పినా పట్టుబడుతుంది.

పాత ఆర్డరును అలాగే ఉంచడానికి చట్టంలోనూ కారణం ఉంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 62వ సెక్షన్ ప్రకారం, ఇరుపక్షాలూ పాత ఒప్పందం స్థానంలో కొత్తది పెట్టుకుంటే పాతదాన్ని నెరవేర్చాల్సిన పని ఉండదు. రెండు పేజీల పాత ఆర్డరును పక్కనపెట్టి అర పేజీ సవరించిన కొటేషన్ మీద సంతకం చేస్తే, ఆ అర పేజీలో లేని మూడేళ్ల గ్యారంటీ, ఆలస్యానికి కోత పోయినట్టేనని తయారీదారు వాదించడానికి వీలవుతుంది. ‘ఈ మార్పులు తప్ప ఆర్డరులోని మిగతా షరతులన్నీ యథాతథంగా ఉంటాయి’ అన్న వాక్యం అందుకే కావాలి. మార్పు పత్రంలో అన్నిటికంటే తక్కువ చోటు పట్టి, అన్నిటికంటే ఎక్కువ పనిచేసే వాక్యం ఇదే.

డెలివరీ తేదీ ధర కన్నా చాటుగా జారుతుంది. అదే సవరించిన కొటేషన్ అడుగున ‘సవరించిన ఆర్డరు, అడ్వాన్సు అందిన నాటి నుంచి 6 నుంచి 7 వారాల్లో డెలివరీ’ అని ఉంది. చూడటానికి మామూలు వాక్యమే. కానీ లెక్క వేస్తే, ఏప్రిల్ 28 నుంచి ఏడు వారాలంటే జూన్ 16. అంటే మే 25కు రావాల్సిన 120 డెస్కులు కూడా బడి తెరిచిన నాలుగు రోజులకు వస్తాయి. కొత్తగా కలిపిన 30 డెస్కుల కోసం పాత 120 డెస్కుల గడువు మళ్లీ మొదటికొచ్చింది.

దీనికి విరుగుడు సరుకును రెండు లోడులుగా విడగొట్టడం. పాత 120 డెస్కులు, సొరుగులతో సహా 6 టేబుళ్లు మొదటి లోడులో మే 25కే రావాలి. కొత్త 30 డెస్కులు, 4 ర్యాకులు రెండో లోడులో జూన్ 8కి రావాలి. తేదీలను క్యాలెండర్ తేదీలుగానే రాయాలి. ‘ఆరు వారాలు’ అంటే ఎప్పటి నుంచి అనే వాదం మొదలవుతుంది. అడ్వాన్సు బ్యాంకులో పడిన రోజా, కాగితం అందిన రోజా, డ్రాయింగ్ ఒప్పుకున్న రోజా అని ముగ్గురు మూడు రోజులు చెబుతారు. ఇంకా, తేదీ అంటే లారీ బయల్దేరే తేదీయా, బడి దగ్గర దించే తేదీయా, బిగించి అప్పజెప్పే తేదీయా అన్నది స్పష్టంగా ఉండాలి. ర్యాకులు విడి భాగాలుగా వస్తాయి. ఫిట్టింగ్ మనిషి రాకపోతే అవి వరండాలో అట్టపెట్టెల్లోనే ఉంటాయి, చలానా మీద మాత్రం డెలివరీ అయినట్టే లెక్క.

1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 38వ సెక్షన్ ప్రకారం, ముందే ఒప్పుకుంటే తప్ప కొనేవారు సరుకును విడతలుగా తీసుకోవాల్సిన పని లేదు. కాబట్టి రెండు విడతలకు ఒప్పుకుంటున్నట్టు, ఏ విడతలో ఏది వస్తుందో పత్రంలోనే రాయాలి. లేకపోతే మే 25న 70 డెస్కులు దించి, ‘మిగతావి రెండో లోడులో వస్తాయి’ అని చెప్పే అవకాశం తయారీదారుకు మనమే ఇచ్చినవాళ్లమవుతాం. ఆలస్యపు కోత కూడా ఏ లోడుకు ఆ లోడు తేదీ నుంచి, ఆ లోడు విలువ మీదే లెక్కించాలని రాసుకోవాలి.

పత్రం తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా చెల్లుతుంది. బడి లెటర్‌హెడ్ మీద దాని రూపం ఇలా ఉండవచ్చు:

“మా ఆర్డర్ నం. 14, తేదీ ఏప్రిల్ 6కు మార్పు నం. 1. తేదీ: మే 2. కలిపినవి: వరుస 1లోని డ్యూయల్ డెస్కులే, అదే డ్రాయింగ్, అదే లామినేట్ నంబరుతో, అదనంగా 30, ఒక్కోటి రూ. 5,450. పుస్తకాల ర్యాకులు 4, జతచేసిన డ్రాయింగ్ ప్రకారం, ఒక్కోటి రూ. 9,000. వరుస 2లోని 6 టేబుళ్లకు తాళంతో సొరుగు, ఒక్కోటి రూ. 900. రెండో లోడు రవాణా, ఫిట్టింగ్ రూ. 7,000. మొదటి 120 డెస్కుల ధర రూ. 5,200గానే ఉంటుంది. పాత మొత్తం రూ. 8,07,120, పెరిగినది రూ. 2,50,042, కొత్త మొత్తం రూ. 10,57,162, జీఎస్టీతో సహా. మొదటి లోడు: 120 డెస్కులు, 6 టేబుళ్లు, మే 25 లోగా బడిలో బిగించి అప్పగించాలి. రెండో లోడు: 30 డెస్కులు, 4 ర్యాకులు, జూన్ 8 లోగా. ఈ మార్పులు తప్ప ఆర్డర్ నం. 14లోని షరతులన్నీ యథాతథం. మే 5 లోగా సంతకం చేసి తిప్పి పంపగలరు. మీ సంతకం అందే వరకు పాత ఆర్డరే అమల్లో ఉంటుంది.”

చివరి రెండు వాక్యాలు ఊరికే మర్యాదకు రాసినవి కావు. జవాబు రాని మార్పు పత్రం ఒక ప్రతిపాదన మాత్రమే. ఒప్పందాల చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం సంపూర్ణంగా, ఏ షరతూ లేకుండా ఉండాలి. తయారీదారు సంతకం పెట్టి, జూన్ 8 పక్కన పెన్నుతో ‘రెండు మూడు రోజులు అటూఇటూ’ అని రాసి పంపితే అది అంగీకారం కాదు, అతని వైపు నుంచి మరో ప్రతిపాదన. దానికి బడి మళ్లీ ఒప్పుకోవాలి, లేదా కాదనాలి. ఏదీ చెప్పకుండా అడ్వాన్సు పంపేస్తే ఆ పెన్ను రాతకు ఒప్పుకున్నట్టే అవుతుంది. అదనపు సరుకుకు అడిగిన 1,25,000 అడ్వాన్సును సంతకం చేసిన కాగితం చేతికొచ్చాకే పంపాలనడానికి కారణం ఇదే.

సంతకం ఎవరిదన్నదీ చూసుకోవాలి. మొదటి ఆర్డరు మీద షెడ్డు యజమాని సంతకం ఉంటే మార్పు మీదా ఆయనదే, లేదా ఆయన మెయిల్ నుంచి వచ్చిన అంగీకారమే ఉండాలి. బడి వైపు ఆర్డరు కరస్పాండెంట్ ఇస్తే, ప్రిన్సిపల్ ఫోన్లో కలిపిన సరుకుకు కరస్పాండెంట్ సంతకం పడాలి. కాగితం కాకుండా ఈమెయిల్లోనో వాట్సాప్‌లోనో ఖాయం చేసుకోవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 10ఏ సెక్షన్ చెబుతోంది. వాట్సాప్‌తో చిక్కు వేరే ఉంది. నలభై మెసేజీల మధ్య వచ్చిన బొటనవేలి గుర్తు దేనికి పెట్టిందో ఆర్నెల్ల తర్వాత చెప్పడం కష్టం. పత్రాన్ని పీడీఎఫ్‌గా పంపి, ‘మార్పు నం. 1, మొత్తం 10,57,162, తేదీలు మే 25, జూన్ 8, అంగీకరిస్తున్నాం’ అని జవాబు రాయించుకుంటే ఆ చిక్కు ఉండదు.

ఖాయమైన మార్పు ఆఫీసు ఫైల్లోనే ఉండిపోతే ప్రయోజనం లేదు. సరుకు దించుకునేది స్టోర్ చూసే మనిషో, వాచ్‌మనో. వారి చేతిలో పాత ఆర్డరే ఉంటే జూన్‌లో వచ్చిన ర్యాకుల లోడును ‘ఇవి మావి కావు’ అని వెనక్కి పంపినా ఆశ్చర్యం లేదు. లోడు వారీగా జాబితా వారికి ముందే ఇవ్వాలి. చలానా మీద, బిల్లు మీద ఆర్డరు నంబరుతో పాటు మార్పు నంబరూ వేయమని తయారీదారుకు చెప్పాలి. విలువ 50,000 దాటిన సరుకుకు ఈ-వే బిల్లు ఉంటుంది, అందులోని సంఖ్యలను చలానాతో పోల్చి చూస్తే లారీ ఎక్కింది ఎంతో తెలుస్తుంది.

తేదీ దాటి వస్తే సరుకు దించుకోవడంతోనే పని అయిపోదు. గడువు కీలకమైన ఒప్పందంలో ఆలస్యంగా వచ్చిన సరుకును ఏమీ అనకుండా తీసుకుంటే, ఆ ఆలస్యానికి తర్వాత పరిహారం అడగలేరని ఒప్పందాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. తీసుకునేటప్పుడే చెప్పి ఉంటే అడగవచ్చు. రెండో లోడు జూన్ 8కి బదులు జూన్ 15న వస్తే, చలానా మీదే ‘వారం ఆలస్యంగా అందింది, కోత హక్కు ఉంచుకుని తీసుకుంటున్నాం’ అని రాసి సంతకం చేయాలి. డ్రైవర్ పట్టుకెళ్లే ప్రతి మీద కూడా ఆ మాట ఉండాలి.

బిల్లులు లోడుకొకటి రావాలి. మొదటి లోడు బిల్లు పాత ఆర్డరు విలువ 6,84,000కు సొరుగుల 5,400 కలిపి 6,89,400, జీఎస్టీతో 8,13,492. సొరుగులు మార్పులో భాగమైనా వెళ్లేది మొదటి లోడులోనే కాబట్టి వాటి సొమ్ము ఇక్కడ పడుతుంది. ఇది గమనించకపోతే మొదటి బిల్లు పాత ఆర్డరు మొత్తంతో ఎందుకు కలవడం లేదని అకౌంటెంట్ తల పట్టుకుంటాడు. ఇందులో మొదటి అడ్వాన్సు 3,20,000 పోగా బిగింపు పూర్తయ్యాక ఇవ్వాల్సింది 4,93,492. రెండో లోడు బిల్లు 2,06,500, జీఎస్టీతో 2,43,670. రెండో అడ్వాన్సు 1,25,000 పోగా మిగిలేది 1,18,670. ఏ అడ్వాన్సు ఏ లోడుకో విడగొట్టి రాసుకోవడం వల్ల, రెండో లోడు ఆగిపోయినా మొదటి లోడు లెక్క చెడదు.

బిల్లులో 120 డెస్కులకూ 5,450 ధర పడితే, తక్కువ చెల్లించి ఊరుకోవడం సరైన దారి కాదు. బిల్లు అలాగే ఉండిపోతే తయారీదారు ఖాతాలో బాకీ చూపిస్తూనే ఉంటుంది, గ్యారంటీ పని అడిగినప్పుడల్లా ఆ బాకీ ఎదురవుతుంది. ఎక్కువ వేసిన ధరకూ దానిపై పన్నుకూ తయారీదారు క్రెడిట్ నోట్ ఇవ్వాలి. జీఎస్టీ చట్టం 34వ సెక్షన్‌లో దానికి ఏర్పాటు ఉంది. ఆ నోటు మీద అసలు బిల్లు నంబరు ఉందో లేదో చూసుకుని, మార్పు పత్రం, రెండు చలానాలు, రెండు బిల్లులతో కలిపి ఆర్డర్ నం. 14 ఫైల్లో పెట్టాక 1,18,670 చెక్కు రాయవచ్చు.